దుబాయ్ నుంచి పంపిన డబ్బు రెండుసార్లు వెనక్కి వెళ్లిన కేసు: ఒకసారి కోడ్, ఒకసారి పేరు

గల్ఫ్ నుంచి ఇంటికి పంపిన డబ్బు వెనక్కి వెళ్లిందంటూ మా దగ్గరికి వచ్చే కేసుల్లో కారణాలు మహా అయితే నాలుగైదు ఉంటాయి. ఈ కేసులో వాటిలో రెండు ఒకే ఖాతాలో, ఒకదాని వెనుక ఒకటి ఉన్నాయి. మొదటిది రెండోదాన్ని కప్పేసింది. పైగా తప్పు ఎక్కడుందో తేల్చడానికి ఇంట్లోవాళ్లు చేసిన ఓ తెలివైన పరీక్షే వాళ్లను దారి తప్పించింది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను. పేర్లు మార్చాను. ఊరు, బ్యాంకు, డబ్బు పంపిన ఎక్స్ఛేంజ్ వివరాలు రాయడం లేదు.

నేపథ్యం

భర్త దుబాయ్‌లో ఎలక్ట్రీషియన్. భార్య, పిల్లలు ఉత్తర తెలంగాణలోని ఒక మండల కేంద్రంలో ఉంటారు. చాలా ఏళ్లుగా ఆయన డబ్బు తన తమ్ముడి ఖాతాకే పంపేవాడు. కూతురి కాలేజీ ఫీజు కట్టాల్సి వచ్చేసరికి, ఈసారి నేరుగా భార్య ఖాతాకే పంపాలనుకున్నాడు. ఆమె ఖాతా వివరాలు ఎక్స్ఛేంజ్ యాప్‌లో పాత బెనిఫిషియరీల జాబితాలో ఎప్పుడో ఎక్కించి ఉన్నాయి. వాటినే ఎంచుకుని 4,000 దిర్హామ్‌లు పంపాడు. ఆనాటి రేటుకు అవి 92 వేల రూపాయలు.

ఆ ఖాతా విలీనమైన బ్యాంకుది. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంక్, కార్పొరేషన్ బ్యాంక్ యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంక్ కెనరాలో కలిశాయి. తెలుగు జిల్లాల్లో ఈ మూడు నాలుగు బ్యాంకుల ఖాతా లేని ఇల్లు తక్కువ. విలీనం తర్వాత చాలామందికి ఖాతా నంబరు మారలేదు, బ్రాంచ్ అదే గదిలో ఉంది, కౌంటర్‌లో మనిషి కూడా అతనే. మారింది బ్రాంచ్‌ను గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్. పాత కోడ్‌లకు కొన్నాళ్లు గడువిచ్చి ఆ తర్వాత ఆపేశారు. ఇంట్లో ఉన్న పాస్‌బుక్ మీద మాత్రం పాత కోడే ఉంటుంది, ఎందుకంటే కొత్త పాస్‌బుక్ కావాలని ఎవరూ అడగరు.

సమస్య

మూడో రోజున ఎక్స్ఛేంజ్ నుంచి మెసేజ్ వచ్చింది: బెనిఫిషియరీ బ్యాంకు తిరస్కరించింది, డబ్బు తిరిగి ఇస్తాం. భార్య బ్రాంచ్‌కు వెళ్తే కంప్యూటర్‌లో చూసి, అసలు ఏమీ రాలేదన్నారు. "వాళ్లేమో మీ బ్యాంకే వాపస్ చేసిందంటరు, వీళ్లేమో మాకాడికి రానే లేదంటరు, ఎవరి మాట నమ్మాలె సార్?" అనేది ఆమె ప్రశ్న. ఇలాంటి ప్రతి కేసులోనూ ఇదే ప్రశ్న వస్తుంది. జవాబు తెలియాలంటే డబ్బు ఏ దారిన వస్తుందో చూడాలి.

గల్ఫ్ ఎక్స్ఛేంజ్‌లకు మన దేశంలోని ఏదో ఒక బ్యాంకులో రూపాయల ఖాతా ఉంటుంది. రూపీ డ్రాయింగ్ అరేంజ్‌మెంట్ అనే ఈ పద్ధతికి రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉంది. అక్కడ దిర్హామ్‌లు కట్టగానే, ఇక్కడి భాగస్వామి బ్యాంకు ఆ రూపాయల ఖాతాలోంచి తీసి నెఫ్ట్‌లోనో ఐఎంపీఎస్‌లోనో మన ఖాతాకు పంపుతుంది. అంటే చివరి అంచెలో అది మామూలు దేశీయ బదిలీయే. ఆ అంచెలో రెండు చోట్ల ఆగవచ్చు. ఒకటి, భాగస్వామి బ్యాంకు దగ్గరే. ఫైల్‌లో ఉన్న ఐఎఫ్‌ఎస్‌సీ ప్రస్తుత జాబితాలో లేకపోతే అది నెఫ్ట్‌లోకి ఎక్కనే ఎక్కదు. రెండోది, నెఫ్ట్‌లోకి ఎక్కి, అందుకునే బ్యాంకు కేంద్ర సర్వర్ దాకా వెళ్లి, అక్కడ ఖాతా దొరకకపోతే తిరిగి రావడం. నెఫ్ట్ నియమం ప్రకారం జమ చేయలేని మొత్తాన్ని ఆ బ్యాచ్ సెటిలైన రెండు గంటల్లో వెనక్కి పంపాలి. ఈ పని మనుషుల చేతి మీదుగా జరగదు. మండలంలోని బ్రాంచ్ మేనేజర్ స్క్రీన్ మీద కనిపించేది జమ అయిన డబ్బు మాత్రమే. కాబట్టి బ్రాంచ్ వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఎక్స్ఛేంజ్ వాళ్లు మాత్రం అన్ని రకాల వైఫల్యాలకూ 'బెనిఫిషియరీ బ్యాంకు తిరస్కరించింది' అనే ఒకే వాక్యం వాడతారు.

రెండింటిలో ఏది జరిగిందో తేల్చడానికి అడగాల్సింది యూటీఆర్ నంబరు. ఎక్స్ఛేంజ్ రసీదు మీద ఉండే నంబరు వాళ్ల సొంతం, మన బ్యాంకుకు దానితో పని లేదు. నెఫ్ట్‌లోకి వెళ్లిన ప్రతి బదిలీకీ 16 అక్షరాల యూటీఆర్ పుడుతుంది. అది ఇవ్వగలిగితే డబ్బు నెఫ్ట్ దాకా వెళ్లి తిరిగొచ్చినట్టు. ఇవ్వలేకపోతే అది అసలు బయల్దేరలేదు. ఈ కేసులో ఎక్స్ఛేంజ్ కస్టమర్ కేర్ చాలాసేపు దాటవేసి, చివరికి యూటీఆర్ లేదని ఒప్పుకుంది. దాంతో అనుమానం నేరుగా బ్రాంచ్ కోడ్ మీదికి పోయింది. యాప్‌లో సేవ్ చేసిన బెనిఫిషియరీ చూస్తే విలీనానికి ముందు నాటి కోడ్ ఉంది.

మొదటి సవరణ, దాంట్లో ఒక ఉచ్చు

రూమ్‌మేట్ ఒకరు ఆయనకు చెప్పిన ఉపాయం: కోడ్‌లో మొదటి నాలుగు అక్షరాలే బ్యాంకు పేరు, వాటిని కొత్త బ్యాంకు అక్షరాలతో మార్చేస్తే సరిపోతుంది. సగం నిజం. ఐఎఫ్‌ఎస్‌సీలో 11 అక్షరాలుంటాయి. మొదటి నాలుగు బ్యాంకువి, ఐదోది ఎప్పుడూ సున్నా, చివరి ఆరు బ్రాంచ్‌వి. కానీ విలీనంలో చివరి ఆరు కూడా మారిపోతుంటాయి, ఎందుకంటే ఆ సంఖ్య పెద్ద బ్యాంకులో అప్పటికే వేరే బ్రాంచ్‌కు ఇచ్చి ఉండవచ్చు. `ANDB0` బదులు `UBIN0` పెట్టి మిగతాది అలాగే ఉంచితే ఆ కోడ్ లేదని రావచ్చు, లేదా ఎక్కడో వేరే రాష్ట్రంలోని బ్రాంచ్ రావచ్చు. ఈయన మార్చి చూస్తే యాప్ ఒప్పుకోలేదు, అదీ మంచికే. ఐదో స్థానంలో సున్నా బదులు ఇంగ్లిష్ అక్షరం `O` కొట్టడం ఇంకో మామూలు తప్పు. వాట్సాప్‌లో ఫొటో చూసి ఎక్కించే చోట ఇది రోజూ జరుగుతుంది.

సరైన కోడ్ భార్య బ్రాంచ్ నుంచి తెచ్చింది. పాస్‌బుక్ మీద ముద్రించి ఇవ్వమని అడగమన్నాం, నోటితో చెప్తే రాసుకోవద్దన్నాం. పనిలో పనిగా కొత్త పాస్‌బుక్ కూడా వచ్చింది.

ఇక్కడిదాకా అంతా సవ్యమే. మళ్లీ పంపేముందు ఖాతా పనిచేస్తోందో లేదో చూద్దామని ఆమె తమ్ముడు కరీంనగర్ నుంచి కొత్త కోడ్‌తో 500 రూపాయలు నెఫ్ట్ చేశాడు. బెనిఫిషియరీ పేరు `GADDAM LAXMI` అని పెట్టాడు. అరగంటలో జమైంది. ఇక పేరు, నంబరు, కోడ్ మూడూ సరిగ్గా ఉన్నాయని అందరూ నిశ్చింతగా ఉన్నారు. అసలు పొరపాటు ఇక్కడే జరిగింది. దేశీయ నెఫ్ట్‌లో జమ చేయడానికి ఖాతా నంబరు ఒక్కటే ఆధారం. పేరు చూసి తీరాలన్న నియమం అందుకునే బ్యాంకుకు లేదు, అందుకే పంపేవాళ్లు నంబరు జాగ్రత్తగా చూసుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2010 నుంచీ చెబుతోంది. పేరు దగ్గర మీరు ఏది రాసినా ఆ 500 జమయ్యేవే. కాబట్టి ఆ పరీక్ష నంబరును, కోడ్‌ను రుజువు చేసింది. పేరు గురించి ఏమీ చెప్పలేదు.

రెండో ప్రయత్నం: పేరు దగ్గర ఆగింది

ఎక్స్ఛేంజ్ మీద నమ్మకం పోయి, ఈసారి ఆయన తన జీతం పడే బ్యాంకు యాప్ నుంచి నేరుగా విదేశీ బదిలీ చేశాడు. అంటే దేశాల మధ్య బ్యాంకులు ఒకదానికొకటి మెసేజ్‌లు పంపుకునే స్విఫ్ట్ దారి. మొత్తం అంతే, 4,000 దిర్హామ్‌లు. ఫీజు దగ్గరపడుతోంది కాబట్టి ఆయన తొందర అర్థం చేసుకోదగ్గదే, కానీ దారి మారితే నియమాలూ మారతాయన్నది ఆయన లెక్కలో లేదు.

స్విఫ్ట్‌లో వచ్చే డబ్బు బ్రాంచ్‌కు రాదు, బ్యాంకు కేంద్ర ఫారెక్స్ విభాగానికి వస్తుంది. అక్కడ మెసేజ్‌లోని పేరును బ్యాంకు కేంద్ర కంప్యూటర్ వ్యవస్థ అయిన కోర్ బ్యాంకింగ్‌లోని ఖాతా పేరుతో పోల్చి చూస్తారు. విదేశీ డబ్బు కాబట్టి కేవైసీ, ఆంక్షల జాబితా తనిఖీ, అన్నిటికీ ఆ విభాగమే జవాబుదారీ. ఖాతాదారు ఎవరో, ఏ ఊరో, ఎవరి భార్యో వాళ్లకు తెలిసే వీలు లేదు. వాళ్ల ముందున్నవి రెండు వరుసలు:

```
మెసేజ్‌లో : GADDAM LAXMI
ఖాతాలో   : KOTTE LAKSHMI
```

కొత్తె పుట్టింటి పేరు. ఖాతా పెళ్లికి ముందు తెరిచింది. ఆధార్‌లో, రేషన్ కార్డులో, ఆయన పాస్‌పోర్టులోని భార్య పేరు దగ్గర అత్తింటి పేరు. ఇంట్లో ఎవరూ ఆమె పేరు రెండు రకాలుగా ఉందని ఎప్పుడూ అనుకోలేదు, ఎందుకంటే అందరికీ ఆమె లక్ష్మే.

ఇలాంటి తేడాలన్నీ ఒకే బరువువి కావు. `LAXMI`, `LAKSHMI` తేడా ఒక్కటే అయితే మనిషి చూసే చోట తరచూ వదిలేస్తారు. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరమా పూర్తిగానా అన్నవీ చాలాసార్లు దాటిపోతాయి, అయితే బ్యాంకును బట్టి మారుతుంది, హామీ లేదు. ఇంటిపేరే వేరైతే మాత్రం ఎవరూ వదలరు. లక్ష్మి పేరుతో ఆ జిల్లాలో వేల ఖాతాలుంటాయి. ఈమె ఆమేనని తేల్చే భాగమే సరిపోలనప్పుడు, ఆఫీసర్ తన సంతకంతో జమ చేయడానికి కారణం లేదు. అది సరైన జాగ్రత్తే అని నా అభిప్రాయం.

ఈ దశలో డబ్బు వెంటనే వెనక్కి పోలేదు. ఫారెక్స్ విభాగం దాన్ని ఆపి ఉంచి, పేరు సరిచూడమని దుబాయ్ బ్యాంకుకు మెసేజ్ పెట్టింది. ఈ కేసు మొత్తంలో విలువైన రోజులు అవే. పంపిన బ్యాంకు సవరణ మెసేజ్ ఇస్తే ఆ డబ్బే జమయ్యేది. కానీ ఆ ప్రశ్న వెళ్లింది దుబాయ్ బ్యాంకుకు. ఆయన మాత్రం కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి డబ్బు అందిందా అనే అడిగాడు, వెళ్లిందనే జవాబు వచ్చింది. ఇక్కడ భార్య బ్రాంచ్ చుట్టూ తిరిగింది.

పనిచేయనివి

బ్రాంచ్ మేనేజర్ మంచివాడు. రెండు పేర్లూ ఒక్కరివేనని లెటర్‌హెడ్ మీద రాసిచ్చాడు. నోటరీ దగ్గర అఫిడవిట్ కూడా చేయించారు. రెండూ వృథా. లెటర్ ఎంత గట్టిగా ఉన్నా దుబాయ్ నుంచి వచ్చిన మెసేజ్‌లోని అక్షరాన్ని మార్చలేదు. ఆ ఆదేశం ఇచ్చింది భర్త, దాన్ని మార్చే హక్కు ఆయనకు, ఆయన బ్యాంకుకు మాత్రమే ఉంది. కొన్ని బ్యాంకుల్లో ఫారెక్స్ విభాగం బ్రాంచ్ నుంచి ధ్రువీకరణ ఒప్పుకుంటుందని వింటాం, ఇక్కడ ఒప్పుకోలేదు. అఫిడవిట్ అసలు వేరే పనికి, అంటే ఖాతాలో పేరు మార్పు దరఖాస్తుకు పనికొస్తుంది.

అలాగైతే ఖాతాలోనే పేరు మార్చేద్దాం అన్నారు. దీని మీద కాస్త ఆలోచించాల్సి వచ్చింది. మార్చడం తప్పు కాదు, కానీ ఆ సమయానికి కాదు. ఆ ఖాతాకు మహిళా సంఘం పొదుపు, గ్యాస్ సబ్సిడీ ముడిపడి ఉన్నాయి. పాన్ కార్డులో పుట్టింటి పేరే ఉంది. ఖాతాలో పేరు మారిస్తే పాన్‌తో తేడా వస్తుంది, పాన్ కూడా మార్చాలి. ఫీజు గడువు ముందు ఈ తీగ లాగడం ఎందుకు? దుబాయ్ యాప్‌లో పేరు మార్చడానికి ఐదు నిమిషాలు చాలు.

ఈలోగా ఫారెక్స్ విభాగం ఆపి ఉంచే గడువు దాటి డబ్బు తిరుగు ప్రయాణం కట్టింది. 4,000 పంపితే 3,842 దిర్హామ్‌లు ఆయన ఖాతాలో పడ్డాయి. దారిలోని బ్యాంకుల చార్జీలు, దిర్హామ్ నుంచి డాలర్‌కు, మళ్లీ డాలర్ నుంచి దిర్హామ్‌కు మార్చిన తేడా కలిసి 158 తగ్గాయి. పంపేటప్పుడు కట్టిన ఫీజు దీనికి అదనం. ఎక్స్ఛేంజ్ దారిలో మొదటిసారి పోయింది ఫీజు ఒక్కటే, అసలు పూర్తిగా తిరిగొచ్చింది. పొరపాటుకు స్విఫ్ట్‌లో పడే జరిమానా ఎక్కువ.

పనిచేసినది

ముందుగా ఖాతాలో పేరు అక్షరాలా ఏముందో తెలుసుకోవాలి. పాస్‌బుక్ మొదటి పేజీ మీద ఆధారపడలేదు. పాతవాటిలో చేత్తో రాసినవి, సగం తెగిన పేర్లు ఉంటాయి. ఇందుకు 2025 నుంచి ఒక సులువైన దారి ఉంది. నెట్ బ్యాంకింగ్‌లో ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ పంపేవాళ్లకు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కొట్టగానే అవతలి ఖాతాదారు పేరు చూపించే సౌకర్యాన్ని ఆ ఏడాది ఏప్రిల్ 1 నాటికి అన్ని బ్యాంకులూ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆమె తమ్ముడి ఫోన్‌లోనే చూశాం. డబ్బు పంపక్కర్లేదు, పేరు కనిపించే దాకా వెళ్లి ఆగిపోవచ్చు. వచ్చిన పేరు స్క్రీన్‌షాట్ తీసి దుబాయ్‌కి పంపమన్నాం. నోటితో చెప్తే మళ్లీ `LAXMI` అనే కొడతారు.

రెండోది, ఖాతా రకం. జన్‌ధన్ ఖాతాల్లో పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతాలు కొన్ని ఉంటాయి. గుర్తింపు పూర్తిగా తేలేదాకా వాటిలో విదేశీ డబ్బు జమ చేయకూడదని నియమం. పేరు సరిచేసుకుని ఇక్కడ ఆగిపోయిన కేసులు ఉన్నాయి. ఈమెది మామూలు సేవింగ్స్ ఖాతా, కేవైసీ తాజాగానే ఉంది. బ్రాంచ్‌లో ఒక్క నిమిషంలో తేలిపోయింది.

మూడోది, దారి ఎంపిక. మళ్లీ ఎక్స్ఛేంజ్ దారే మంచిదని చెప్పాం. మళ్లీ ఏదైనా తేడా వస్తే పోయేది ఫీజే కాబట్టి. అయితే పాత బెనిఫిషియరీని సవరించొద్దు, తీసేసి కొత్తగా ఎక్కించమన్నాం. సవరించినప్పుడు పైకి కొత్త కోడ్ కనిపిస్తూ, లోపల పాత బ్రాంచే మిగిలిపోయే యాప్‌లు ఉన్నాయి. బ్రాంచ్‌ను జాబితాలోంచి ఎంచుకోవద్దు, కోడ్ కొట్టమన్నాం, ఎందుకంటే ఆ జాబితాలు పాతవై ఉంటాయి. కోడ్ కొట్టాక యాప్ చూపించే బ్రాంచ్ పేరు, ఊరు మన బ్రాంచ్‌దేనా అని చూసుకోవాలి. పేరు స్క్రీన్‌షాట్‌లో ఉన్నట్టే `KOTTE LAKSHMI`. సంబంధం దగ్గర భార్య. ఇంటిపేర్లు వేరైనా దాంతో ఇబ్బంది రాలేదు.

ఆ తర్వాత 100 దిర్హామ్‌లు. రెండుసార్లు ఫీజు ఎందుకని ఆయన గొణిగాడు, కానీ అప్పటికే 158 పోయిన మనిషి కాబట్టి ఒప్పుకున్నాడు. ఈ పరీక్ష తమ్ముడి 500 లాంటిది కాదు. అసలు డబ్బు వెళ్లే దారినే, అదే యాప్ నుంచి, అదే బెనిఫిషియరీకి వెళ్లింది. ఆ సాయంత్రమే జమైంది. మర్నాడు మిగతాదీ అలాగే వెళ్లింది. ఫీజు గడువులోపే కట్టారు.

ఈ కేసు నుంచి పట్టుకోవాల్సినవి

తిరస్కరణ కారణం అంటే డబ్బు ఆగిన మొదటి గేటు పేరు మాత్రమే. దాని తర్వాత ఇంకెన్ని గేట్లున్నాయో అది చెప్పదు. కోడ్ తప్పని తేలినప్పుడే పేరు కూడా చూసి ఉంటే రెండో నష్టం ఉండేది కాదు. నేనైతే కారణం ఏదొచ్చినా నంబరు, కోడ్, పేరు, ఖాతా రకం నాలుగూ చూసే మళ్లీ పంపమంటాను. ఇంకోటి, మొదటి డబ్బు ఖాతాలోకి తిరిగొచ్చిందని కళ్లతో చూసేదాకా రెండోది పంపకూడదు. ఒకటి దారిలో ఉండగానే ఇంకోటి పంపి, రెండూ ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు.

స్విఫ్ట్‌లో పంపింది రెండు పనిదినాలు దాటినా జమకాకపోతే, డబ్బు అందిందా అని అడిగితే లాభం లేదు. పంపినవాళ్లు తమ బ్యాంకును అడగాల్సిన మాటలు ఇవి: యూఈటీఆర్ నంబరు ఇవ్వండి, అందుకునే బ్యాంకు నుంచి ప్రశ్న ఏమైనా వచ్చిందా చూడండి, వస్తే బెనిఫిషియరీ పేరు ఇలా సవరించి పంపండి. యూఈటీఆర్ అంటే 36 అక్షరాల గుర్తింపు, దానితో డబ్బు ప్రస్తుతం ఏ బ్యాంకు దగ్గర ఆగిందో పంపిన బ్యాంకు చూడగలదు. సవరణ చార్జీ ఉంటుంది, కానీ తిరుగు ప్రయాణం కంటే తక్కువే పడుతుంది.

ఈ పద్ధతి సరిపోని సందర్భం ఒకటుంది. కోర్ బ్యాంకింగ్‌లో ఎక్కించిన పేరులోనే అక్షర దోషం ఉండవచ్చు, `LAKSHMI` బదులు `LAKHSMI` అన్నట్టు. అవసరం ముందుంటే ఆ దోషంతోనే పంపించి జమ చేయించుకోవాలి, తర్వాత ఆధార్, పాన్ చూపించి బ్రాంచ్‌లో దిద్దించుకోవాలి. దిద్దిన రోజే దుబాయ్ యాప్‌లో కూడా మార్చకపోతే, తర్వాతి నెల డబ్బు ఇదే కారణంతో మళ్లీ వెనక్కి వెళ్లవచ్చు.